మౌలా సాహెబు గోడ వీపు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పాతిక మైళ్లు. ఆ పాతిక మైళ్లూ బొగ్గు బస్సులో ఎంతసేపు పడుతుందో గట్టిగా చెప్పగలిగిన మొనగాడు ఆ యుద్ధం రోజుల్లో ఒక్కడూ లేడు. పెట్రోలంతా పటాలాలకు పోయింది. బస్సు వెనక ఇనపడ్రమ్ము తగిలించి, అందులో బొగ్గులు రాజేసి, ఆ పొగతో ఇంజను నడిపేవాళ్లు. కాస్త ఎత్తు కనబడితే చాలు, బస్సు ఆయాసపడి ఆగిపోయేది. అప్పుడు కండక్టరు కిందికి దూకి, "దిగండప్పా, రోంత తోయండి" అనేవాడు. టిక్కెట్టు కొన్నవాళ్లంతా దిగి తోసేవాళ్లు. డబ్బిచ్చి మరీ కూలి చెయ్యడం అక్కడే చూడాలి.

ఓవర్సీరు పార్థసారథి ఆ పొద్దున రెండుచోట్ల బస్సు తోశాడు. మూడు వారాలు చలిజ్వరంతో మంచం పట్టి లేచిన మనిషి, ఆయన తోపుకు బస్సు కదిలిందో, బస్సు ఊపుకు ఆయన కదిలాడో చెప్పడం కష్టం. చేతిసంచిలో భార్య గోదాదేవి కట్టిచ్చిన మిరియాల కషాయం సీసా ఉంది. "గోడ ఎక్కడికీ పారిపోదు, ఇంకో వారం ఆగి వెళ్లొచ్చు" అని ఆవిడ పోరింది. ఈయన వినలేదు. అది ఆయన సొంతంగా లెక్కగట్టిన మొదటి గోడ మరి. మొదటి బిడ్డను చూడ్డానికి పోయేవాడు జ్వరాన్ని లెక్కచేస్తాడా?

ఆళ్లగడ్డ చివర, అహోబిలం పోయే బాట పక్కన, జిల్లా బోర్డువాళ్లు ఆడవాళ్లకు ఆసుపత్రి కట్టిస్తున్నారు. కట్టడం దిబ్బ మీద, బాట దిబ్బ కింద. మధ్యలో పన్నెండడుగుల పల్లం. బాట అంచున గోడ లేపి, వెనక మట్టి పోసి చదును చేస్తే ఆసుపత్రికి వాకిలి వస్తుంది. సిమెంటు దొరకదు, ఇనుము అసలే దొరకదు. అందుకని రాయీ సున్నమూ. ఇలాంటి గోడకు బలం దాని బరువే. వెనక మట్టి ఎంత నెట్టినా, నా బరువుతో నేను నిలబడతాను అని అది నిలబడాలి.

పార్థసారథి గీసిన గోడ అడుగున ఆరడుగుల మందం, పైన రెండడుగులు. వెనక, అంటే మట్టి వైపు, నిట్టనిలువు. ముందు, అంటే బాట వైపు, వాలు. పునాది తవ్వి మొదటి వరస రాళ్లు పెట్టేదాకా దగ్గరుండి చూశాడు. ఆ మర్నాడే జ్వరం పట్టుకుంది. మిగతాదంతా మౌలా సాహెబు చేతుల్లో పెట్టి నంద్యాలలో దుప్పటి కప్పుకున్నాడు.

మౌలా సాహెబు అంటే మాటలా? నంద్యాల చుట్టుపక్కల ఆయన చేతి గోడ లేని ఊరు లేదు. అరవై దాటినా చూపు దారానికి వేలాడదీసిన తూకపు గుండంత సూటి. పని పూర్తయిన రోజున గోడ ముఖం మీద, మనిషి కళ్లెత్తున, దానిమ్మ పువ్వు చెక్కిన రాయి ఒకటి పెడతాడు. సంతకం పెట్టడం రాదు గానీ, ఆ పువ్వు చూస్తే గోడ ఎవరిదో చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. ఈ గోడ తరవాత తాపీ కిందపెట్టి కొడుకు దగ్గర కూర్చుంటానని ఆయన ఊరంతా చెప్పుకున్నాడు.

పార్థసారథి బస్సు దిగి నడుచుకుంటూ వచ్చేసరికి గోడ పూర్తయింది. అరవై అడుగుల పొడవు, పన్నెండడుగుల ఎత్తు. ఎండలో రాళ్ల అతుకులు గీత గీసినట్టున్నాయి. ఆహా, అనుకున్నాడు. పైనుంచి కిందికి అద్దంలా నిట్టనిలువుగా ఉంది. ఆహా, అని ఇంకోసారి అనుకోబోయి ఆగిపోయాడు.

నిట్టనిలువుగా ఎందుకుంది? వాలు ఏదీ?

గబగబా గోడ చివరకు పోయి వెనక్కి తొంగిచూశాడు. వాలు అక్కడుంది. పైన రెండడుగులు, కిందికి పోయేకొద్దీ మెట్టుమెట్టుగా మందమై ఆరడుగులు. కొలత ఎక్కడా అంగుళం తేడా లేదు. కాకపోతే గోడ మొత్తం వెనక్కి తిరిగి నిలబడింది.

"వచ్చినావా సామీ? పానం ఎట్లుండాది?" అంటూ మౌలా సాహెబు సున్నం చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"నా పానం సంగతి తరవాత. ఏంది మేస్త్రీ ఇది?"

"గోడ."

"గోడేలే. వాలు ముందు పెట్టమంటే వెనక పెట్టినావే. నక్షా సరిగా చూళ్లేదా?"

"బాగా చూసినా. నక్షాలో వాలు బయటికుండాది. నేను లోపలికి తిప్పినా." దాచిపెట్టడం గానీ నసగడం గానీ ఆయనకు అలవాటు లేదు. "నలుగురూ పోయే బాట సామీ ఇది. ముందుకు వాలు పెడితే, గోడ పొట్ట వేసుకోని కూచున్నట్టుంటాది. నా చేతి గోడ ఏదీ జనానికి వంకర ముఖం చూపించలా. గుండు పట్టే ముఖం ముందు, దాచే ముఖం వెనక. మా నాయన నేర్పించింది అదే."

"మీ నాయన ఇంటి గోడలకు నేర్పించినాడప్పా. ఇది మట్టిని ఆపే గోడ."

"అయితే ఏమాయ? అడుగున ఆరే, పైన రెండే. రాయి అంతే, సున్నం అంతే. ఇంకా మేలే చేసినా. వెనక వాలు మీద మట్టి ఎక్కి కూచుంటాది. ఆ బరువు గోడను కిందికి తొక్కి పట్టుకుంటాది. నీ లెక్కలో ఆ బరువు యాడుండాది?"

మేస్త్రీ మాటలో పస ఉంది. పస ఉన్న మాటకు అప్పటికప్పుడు జవాబు దొరక్కపోతే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. పార్థసారథికీ మండింది.

సోమవారం నుంచి మట్టి పోసేందుకు బండ్లు మాట్లాడేశారు. నల్లరేగడి మట్టి గుట్టలు గుట్టలుగా దిబ్బ మీద సిద్ధంగా ఉంది. ఈ గోడ పనికొస్తుందా, పడగొట్టాలా అన్నది ఈ రెండు రోజుల్లో తేలాలి. పార్థసారథి సున్నపు గానుగ పక్కన రాతి మీద కూర్చుని, కాగితాలూ పెన్సిలూ లెక్కలు కట్టే స్లయిడు రూలూ బయటికి తీశాడు. మౌలా సాహెబు ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు, వైద్యుడు నాడి చూస్తుంటే పక్కనుండే బంధువులాగా.

"మూడు పరీక్షలు మేస్త్రీ" అన్నాడు పార్థసారథి. "మట్టి నెట్టితే గోడ ముందుకు బోర్లా పడుతుందా, ఒకటి. పడకుండా నిలువుగానే ముందుకు జారుతుందా, రెండు. రెండూ లేకపోయినా గోడ కింద నేల ఆ ఒత్తిడిని మోస్తుందా, మూడు."

"మొదటిది చూడు. పడే గోడ నేను కట్టను."

పార్థసారథి లెక్క మొదలుపెట్టాడు. గోడ వెనక మట్టి నెట్టే నెట్టుడు, అడుగు పొడవుకు రెండువేల నాలుగువందల పౌండ్లు. అది గోడ ఎత్తులో మూడోవంతు దగ్గర, కింద నుంచి నాలుగడుగుల మీద పనిచేస్తుంది. అంటే బోర్లా పడేసే బలం తొమ్మిదివేల ఆరువందలు. దాన్ని ఆపే బలం గోడ బరువుది. గోడ ముందు అంచును ఇంజనీర్లు వేలు అంటారు, వెనక అంచును మడమ అంటారు. బరువు వేలికి ఎంత దూరంలో ఉంటే అంత బాగా ఆపుతుంది. తను గీసిన గోడకు ఆ ఆపే బలం ఇరవై అయిదువేల ఏడువందల అరవై వచ్చిందని ఆయనకు బాగా గుర్తు. ఇప్పుడు తిరగబడ్డ గోడకు రాతి బరువు వేసి, వాలు మీద కూర్చునే మట్టి బరువూ వేసి, కూడాడు. కూడి, మళ్లీ కూడాడు.

ఇరవై అయిదువేల ఏడువందల అరవై. ఒక్క అంకె కూడా తేడా లేదు.

"ఏమాయ సామీ? అట్ల చూస్తాండావు?"

"పడదు. నా గోడ ఎంత గట్టిగా నిలబడేదో, ఇదీ అంతే. పడేసే బలానికి రెండున్నర రెట్లకు పైనే."

"నేను జెప్పలా" అని మౌలా సాహెబు బీడీ ముట్టించాడు.

రెండోది జారుడు. గోడ అడుగుకూ నేలకూ ఉన్న రాపిడి ఎంత బరువుంటే అంత గట్టిగా పట్టుకుంటుంది. పార్థసారథి గోడకు ఆ పట్టు, మట్టి నెట్టుడుకు ఒకటిన్నర రెట్లు చిల్లర. మౌలా సాహెబు గోడకు మట్టి బరువు తోడయింది కనక రెండు రెట్లు దాటింది.

"ఇది నాకంటే నీదే మేలు మేస్త్రీ" అని పార్థసారథి ఒప్పుకున్నాడు. నిజం చెప్పాలంటే కాస్త అసూయగా కూడా ఉంది ఆయనకు. తను పటాలు గీసుకుని, స్లయిడు రూలు అరిగిపోయేలా లెక్కలు చేసుకుంటే, ఒకాయన వాళ్ల నాయన చెప్పిన మాట పట్టుకుని అంతకంటే మంచి గోడ కట్టేశాడా?

"ఇంగ టీ తాగుదాం రా" అన్నాడు మౌలా సాహెబు లేస్తూ. "ఆ పువ్వు రాయి కూడా పెట్టేస్తా ఈ పొద్దే."

"ఇంకొకటుంది. కూచో."

మూడో లెక్కకు పెన్సిలు మొండిదయింది. చాకుతో చెక్కుకున్నాడు. బరువూ నెట్టుడూ కలిసి గోడ అడుగున ఎక్కడ దిగుతున్నాయో చూడాలి. అడుగు వెడల్పును మూడు భాగాలు చేస్తే, నడిమి భాగంలో దిగాలి. అంటే వేలి నుంచి కనీసం రెండడుగులు లోపలికి ఉండాలి. తన గోడకు రెండడుగుల అయిదంగుళాల దగ్గర దిగింది. ఈ గోడకు అడుగూ తొమ్మిదంగుళాల దగ్గర దిగింది. నడిమి భాగం దాటి బయటికి వచ్చేసింది. ఇంక వేలి కింద ఒత్తిడి చూస్తే, తన గోడకు చదరపుటడుగుకు ముప్పాతిక టన్ను పైచిలుకు. ఈ గోడకు ఒకటిన్నర టన్ను పైచిలుకు. ఆ పునాది కింద ఉన్నది సుద్దరాళ్లు కలిసిన పసుపు మట్టి. దానికి ఒకటింబావు టన్నుకు మించి ఎక్కించకూడదని నంద్యాలలో అసిస్టెంటు ఇంజనీరు శాంతయ్య స్వయంగా రాసిచ్చాడు.

పార్థసారథికి జ్వరం మళ్లీ వచ్చినట్టే అనిపించింది. మూడు సార్లు చేశాడు. మూడు సార్లూ అంతే వచ్చింది.

"మేస్త్రీ, గోడ పడదు, జారదు. కానీ ముందు అంచు నేలలోకి దిగుతుంది. వానలు పట్టి నేల నానితే ఇంకా దిగుతుంది. దిగితే ముందుకు ఒరుగుతుంది. ఆ తరవాత మనం చూసిన మొదటి లెక్క కూడా చెల్లదు."

మౌలా సాహెబు బీడీ పారేశాడు. "రెండు లెక్కలకు మేలన్నావు. మూడోదానికి చెడ్డదెట్లయితాది? బరువు జాస్తి ఉంటే మేలని ఇప్పుడే గదా చెప్పినావు."

ఆ మాటకు అంకెలతో జవాబు చెబితే ఆయనకు ఎక్కదని పార్థసారథికి తెలుసు. అంకెలు కళ్లకు కనబడేట్టు చెయ్యాలి. గానుగ పక్కన నీళ్లు పారి రేగడి మెత్తగా, నున్నగా తడిసి ఉంది.

"చెప్పులిడిచి ఆ బురదలో నిలబడు" అన్నాడు.

"ఏందీ?"

"నిలబడప్పా. నువ్వే గోడవి."

మేస్త్రీని గోడ చేశాడని పనివాళ్లంతా తాపీలు వదిలేసి చుట్టూ మూగారు. సున్నం మోసే రాములమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. పార్థసారథి ఒక గంపలో రాళ్లు వేయించి, దాన్ని తాళ్లతో మౌలా సాహెబు వీపుకు కట్టించాడు. "ఇది నేను గీసిన గోడ. రాతి బరువు వెనక ఉంది. నిటారుగా నిలబడు, నేను వీపున నెడతా. పడొద్దు" అని గంప మీద అరచేయి పెట్టి నెట్టాడు. మౌలా సాహెబు పడలేదు. బురదలోంచి బయటికి రప్పించి చూస్తే అడుగుజాడలు పాదమంతా ఒకేలా దిగి ఉన్నాయి.

తరవాత ఆ గంపను పొట్ట దగ్గర పట్టుకోమన్నాడు. వీపుకు మట్టి గంప ఒకటి కట్టించాడు. "ఇది నువ్వు కట్టిన గోడ. రాయి ముందుకొచ్చింది, వెనక మట్టి ఎక్కింది" అని మళ్లీ అంతే బలంగా నెట్టాడు. ఈసారీ మౌలా సాహెబు పడలేదు, జారలేదు. కానీ మడమలు లేచాయి, వేళ్లు బురదలోకి కసుక్కున దిగాయి. పైకి రాగానే అందరూ వంగి చూశారు. మడమ దగ్గర బురద చెదరనేలేదు. వేళ్ల దగ్గర గుంటలు పడ్డాయి, ఆ గుంటల్లోకి నీళ్లు ఊరుతున్నాయి.

మౌలా సాహెబు ఆ గుంటలను చాలాసేపు చూశాడు. నలభై ఏళ్లుగా గోడల ముఖం చూసిన మనిషి, గోడ పాదం చూడటం అదే మొదలు.

"పడగొట్టాల్నా సామీ?" అన్నాడు చివరికి. ఆ గొంతు వినేసరికి రాములమ్మ కూడా నవ్వు ఆపేసింది.

పడగొట్టించడం పార్థసారథికి ఒక్క చీటీతో అయ్యే పని. ఆ చీటీ రాస్తే ఈ ముసలాయన చివరి గోడ ఊరు చూస్తుండగా గడ్డపారలకు పోతుంది. రాయకపోతే? ఎవరికీ తెలియదు కూడా. శాంతయ్య వచ్చి, ముఖం చూసి, భేష్ అని పోతాడు. వానాకాలంలో ఏ పొద్దున్నో ఆసుపత్రికి నడిచివచ్చే ఆడవాళ్ల మీదికి గోడ ఒరుగుతుంది.

"ముందు అంచు కింద తవ్వి, పునాది వెడల్పు చేస్తే?" అన్నాడు మౌలా సాహెబు.

"నిలబడ్డ గోడ కాలికింద తవ్వుతామా? అది ఇప్పుడే ఒరుగుతుంది."

కషాయం సీసా తీసి పార్థసారథి గటగటా తాగేశాడు, అంత ఘాటుగా ఉందని కూడా తెలియలేదు.

"ఒక మాట అడుగుతా, నగొద్దు" అన్నాడు మౌలా సాహెబు. "ఇదంతా మట్టి నెట్టేదాని వల్లే గదా? మట్టే పొయ్యకుంటే?"

"మట్టి పొయ్యకుంటే వాకిలి యాడిది?"

"రాయి పేరుద్దాం. కొండ కింద గని కాడ రాతిముక్కల గుట్టలు పడుండాయి, అడిగేవాడు లేడు. చూసినావా ఎట్ల నిలబడుంటాయో? మట్టి గుట్ట కిందికి పరుచుకుంటాది. రాతిముక్కల గుట్ట తన మీద తానే నిలబడుంటాది. రాయి రాయిని పట్టుకుంటాది, మనిషిని నెట్టదు. చేత్తో ఒకదాని మీదొకటి పేరిస్తే ఇంకా నెట్టదు."

పార్థసారథి తల ఎత్తాడు. ఎంత సులువైన మాట. గోడను మార్చలేనప్పుడు, నెట్టేదాన్ని మార్చుకోవచ్చు కదా. తన పుస్తకాల్లో ఉన్న మాటే, జ్వరం బుర్రకు తట్టలేదు.

ఇద్దరూ ఒంటెద్దు బండిలో మూడు మైళ్లు పోయి గని దగ్గర దిగారు. పార్థసారథి చతురస్రంగా ఉన్న కాగితాన్ని మూలకు మూల కలిపి మడిచాడు. ఆ మడత నలభై అయిదు డిగ్రీలు. దాన్ని రాతిముక్కల గుట్ట వాలు పక్కన పెట్టి, ఒక కన్ను మూసి చూశాడు. వాలు ఆ మడతకు తగ్గలేదు. మట్టికైతే ముప్పైకి మించి నమ్మకూడదు. అక్కడే గుట్ట మీద కూర్చుని లెక్క చేశాడు. నెట్టుడు సగానికి పడిపోయింది. మూడు లెక్కల్లో మొదటి రెండూ ఇంకా గట్టిపడ్డాయి. మూడోదానికి బరువు వేలి నుంచి రెండడుగుల మూడంగుళాల దగ్గర దిగింది, నడిమి భాగంలోకి వచ్చింది. వేలి కింద ఒత్తిడి ఒకటింబావుకు రవ్వంత తక్కువ.

"ఎంత తక్కువ?" అన్నాడు మౌలా సాహెబు.

"ఊపిరి పీల్చుకునేంత."

మర్నాడు పార్థసారథి నంద్యాలలో శాంతయ్య ముందు నిలబడి, దాచకుండా అంతా చెప్పాడు. గోడ తిరగబడిందని, తను మంచంలో ఉండి చూసుకోలేదని, తప్పులో సగం తనదని. శాంతయ్య మాట పొదుపు మనిషి. కాగితాలు చూశాడు, పార్థసారథిని చూశాడు, మళ్లీ కాగితాలు చూశాడు.

"లెక్క సరే. నేల మోస్తుందో లేదో వాన చెప్తుంది. రాయి మడమ కాడ మొదలై, పైకి పోయేకొద్దీ వెనక్కి పన్నెండడుగుల దాకా పేర్చండి. మట్టి ఆ వెనకే. ఈ వానాకాలం అయ్యేదాకా గోడ ముందుకు బియ్యపుగింజంత ఒరిగినా పడగొట్టిస్తా. సరేనా?"

"సరే సార్."

"బస్సెట్లుంది?"

"తోస్తే పోతాంది సార్."

ఇంటికొచ్చి చెబితే గోదాదేవి పకపకా నవ్వింది. "గోడ ఎక్కడికీ పారిపోదన్నాను కదా. వెనక్కి తిరిగి నిలుచుంటుందని నాకేం తెలుసు" అంది. ఆ తరవాత ఇంకో సీసా కషాయం కాచింది.

రెండువందల బండ్లకు పైగా రాతిముక్కలు వచ్చాయి. పని అయిపోయిందనుకున్న మౌలా సాహెబు మళ్లీ నెలన్నర పనిచేశాడు. కూలీలు గంపలు గుమ్మరించబోతే ఒప్పుకోలేదు. "పోసేది మట్టి. ఇది పేర్చాల" అని కోప్పడేవాడు. ఒక్కొక్క రాయీ తిప్పి చూసి, పట్టు దొరికేట్టు ఇరికించి, సందులో చిన్నముక్క దిగగొట్టి, వరస తరవాత వరస లేపాడు. బాటన పోయేవాళ్లు ఆగి, "మట్టి కప్పే పనికి ఇంత చెక్కుడేంది సాయిబూ?" అని ఎకసక్కాలాడేవాళ్లు. ఆయన ఇంకో రాయి అందుకునేవాడు. జూన్ నెలాఖరుకు మీద గులకా మట్టీ పరిచారు, వాకిలి సిద్ధమయింది.

గోడ ఒరిగిందో లేదో చూడ్డానికి సాధనం ఏమిటని పార్థసారథి ఆలోచిస్తుంటే మౌలా సాహెబు నవ్వాడు. గోడ ముఖం మీద, పైకొసన, రెండంగుళాలు బయటికొచ్చేట్టు ఒక మేకు, అడుగున కూడా సరిగ్గా అంతే బయటికొచ్చేట్టు ఒక మేకు కొట్టాడు. పై మేకు కొస నుంచి తూకపు గుండు వేలాడదీశాడు. దారం కింది మేకు కొసను తాకీ తాకనట్టు తాకింది. గోడ ముందుకు ఒరిగితే దారం ఆ మేకును వదిలి బయటికి జరుగుతుంది.

"నీ వాలుగోడ అయింటే ఒరిగిందో లేదో యాడ తెలుస్తాది సామీ? నాది నిలువు ముఖం, అబద్ధం చెప్పలేదు" అన్నాడు.

శ్రావణంలో వాన పట్టుకుంది. మామూలు వాన కాదు, మూడు రోజులు తెరిపి లేదు. కుందూ నది పొంగిందన్నారు. బొగ్గులు తడిసి బస్సు ఆగిపోయింది. నాలుగో రోజు తెల్లవారగానే పార్థసారథి గొడుగు పట్టుకుని బయల్దేరాడు. దొరికిన బండెక్కి, దిగి, నడిచి, మళ్లీ ఎక్కి, మధ్యాహ్నానికి ఆళ్లగడ్డ చేరాడు. దారి పొడుగునా ఆయన కళ్లకు కనిపించింది ఒక్కటే, బురదలో వేళ్లు దిగిన రెండు గుంటలు. ఆసుపత్రి మలుపు తిరిగాడు.

గోడ పాదం దగ్గర, గోనెసంచి గొంగళిలా కప్పుకుని ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఎదురుగా దారం వేలాడుతోంది. రాళ్ల సందుల్లో విడిచిన రంధ్రాల్లోంచి నీళ్లు ధారగా కారిపోతున్నాయి.

"ఎప్పుడొచ్చినావు మేస్త్రీ?"

"వాన వచ్చినప్పుడే వచ్చినా."

"మూడు రోజుల నుంచా?"

"రాత్రిళ్లు ఆసుపత్రి వసారాలో పండుకుంటి. పొద్దున లేస్తానే ఈడ."

పార్థసారథికి అడగాలంటే భయమేసింది. అయినా అడిగాడు. "కదిలిందా?"

"గోడా కదల్లా, నేనూ కదల్లా. నువ్వే చూడు."

పార్థసారథి బురదలో మోకాళ్ల మీద కూర్చున్నాడు. గాలికి ఊగుతున్న గుండును అరచేత్తో ఆపి, మెల్లగా వదిలాడు. దారం ఒకసారి అటూ ఇటూ ఆడి, వచ్చి మేకు కొసను తాకి నిలబడింది. జూన్ నెలలో ఎక్కడ నిలబడిందో అక్కడే. చూసి, ఇంకోసారి చూసి, ముసలాయన తడి భుజం మీద చెయ్యి వేశాడు.

వానాకాలం అయ్యాక శాంతయ్య వచ్చాడు. గుండు చూశాడు, మేకు చూశాడు, సరేనన్నాడు. పోతూ పోతూ గోడ ముఖం నిమిరి, "ముఖం బాగా దిద్దినావు మేస్త్రీ" అన్నాడు. మామూలుగా అలాంటి మాటకు గాలిలో తేలిపోయే మౌలా సాహెబు, ఈసారి ఊరికే తల ఊపాడు.

అప్పుడు గుర్తొచ్చింది పార్థసారథికి. గోడ మొదటి కొస నుంచి చివరి కొస దాకా, మనిషి కళ్లెత్తున చూసుకుంటూ నడిచాడు. మళ్లీ వెనక్కి నడిచాడు. ఎక్కడా లేదు.

"పువ్వు రాయి యాడ మేస్త్రీ? పెట్టలేదా?"

"పెట్టినా."

"కనబడదే?"

మౌలా సాహెబు దిబ్బ మీదికి ఎక్కి, ఆసుపత్రి వాకిలి మధ్యలో నిలబడ్డాడు. ఆడవాళ్లు ఇద్దరు బిడ్డలను ఎత్తుకుని ఆయన పక్కనుంచి నడిచిపోయారు. ఆయన కాలితో ఆ గులకనేలను మెల్లగా తట్టాడు.

"ఈడ, ఆరడుగుల కింద. పేర్చిన రాళ్లలో పెట్టినా సామీ. పని చేస్తాండేది ఆడ కదా."